డిక్టేషన్‌లో లేని గడిని ఏం చేయాలి? పెద్దపేగు క్యాన్సర్ సినాప్టిక్ రిపోర్టు, ఒక కేసుతో

ప్రశ్న: పాథాలజీ ల్యాబ్‌లో డిక్టేషన్లు టైపు చేస్తాను. ఇన్నాళ్లూ గ్రాస్, మైక్రో పేరాలుగా టైపు చేసి ఇస్తే సరిపోయేది. ఇప్పుడు పెద్దపేగు క్యాన్సర్ కేసులకు ఒక్కో అంశానికి విడి గడి ఉండే సినాప్టిక్ ఫారం పెట్టారు. తప్పనిసరి గడులు ఖాళీగా ఉంటే సేవ్ కూడా కావడం లేదు. డాక్టరుగారు చెప్పనివాటికి ‘నాట్ ఐడెంటిఫైడ్’ అని పెట్టేయవచ్చా సార్? నోడ్‌లు నేనే కూడి స్టేజి వేయాలా? ఏ వాక్యం ఏ గడిలోకి వెళ్తుందో ఎలా తెలుస్తుంది?

జవాబు:

పెట్టకూడదండీ. ‘నాట్ ఐడెంటిఫైడ్’ అంటే డాక్టరు స్లైడులో దానికోసం వెతికారు, కనబడలేదు అని అర్థం. డిక్టేషన్‌లో ఆ మాటే రాలేదంటే చూసి చెప్పడం మరిచిపోయి ఉండవచ్చు, అసలు చూడకపోయి ఉండవచ్చు. రెండింటిలో ఏది జరిగిందో టైపు చేసేవారికి తెలిసే దారి లేదు. మీరు ఆ గడి నింపేస్తే ఆ సందేహం అక్కడితో మాయమైపోతుంది. సంతకం చేసే మేము నిండిన ఫారం చూసి, అది మేమే చెప్పామనుకుని ముందుకు పోతాం. నేను సంతకం పెట్టేవైపు ఉండే పాథాలజిస్టుని కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను. ఖాళీ గడి నన్ను ఆపుతుంది, మళ్లీ స్లైడు పెట్టుకుని చూసేలా చేస్తుంది. తప్పుగా నిండిన గడి నన్ను ఆపదు.

ముందుగా సేవ్ కాకపోవడం గురించి. ఇది ఫారం అమరికలో ఉన్న లోపం, మీది కాదు. తప్పనిసరి అనే నియమం డాక్టరు సంతకం చేసి రిపోర్టు ఖరారు చేసే సైనౌట్ దగ్గర అడ్డుపడాలి, డ్రాఫ్టు దాచుకునే దగ్గర కాదు. దాచుకోవడానికే అడ్డుపడితే ఎవరైనా ఏదో ఒకటి ఎంచుకుని బయటపడతారు. మీ సిస్టం చూసేవారిని అడిగి ఈ ఒక్కటి మార్పించండి. డ్రాఫ్టులో తెలియని గడికి `***` లాంటి గుర్తు పడాలి, ఆ గుర్తు ఒక్కటి మిగిలినా సైనౌట్ కాకూడదు. అలాగే ముందే నింపి వచ్చే జవాబులు ఏ గడిలోనైనా ఉంటే తీయించేయండి. మార్జిన్లన్నీ నెగెటివ్ అని, పెరీన్యూరల్ ఇన్వేజన్ లేదని ముందే రాసిపెట్టుకున్న ఫారం పని తగ్గించినట్టే కనిపిస్తుంది. కానీ ఎవరూ చూడని విషయాన్ని చూసినట్టు రికార్డులోకి ఎక్కిస్తుంది.

ఇక ఏ వాక్యం ఏ గడిలోకి అన్నది. వాక్యాన్ని మాత్రమే చూస్తే తేలదు, అది ఏ బ్లాకు గురించి చెప్పిన వాక్యమో చూడాలి. గ్రాస్ డిక్టేషన్ చివర ఏ క్యాసెట్‌లో ఏ ముక్క పెట్టారో చెప్పే జాబితా ఉంటుంది కదా, దాన్ని మైక్రో పక్కన పెట్టుకోకుండా సినాప్టిక్ మొదలుపెట్టకండి. ఎందుకో ఒక కేసులో చూపిస్తాను. అంకెలు నేను కల్పించినవి. కానీ చిక్కులు మాత్రం రోజూ వచ్చేవే.

గ్రాస్ డిక్టేషన్ ఇలా ఉందనుకోండి. కుడి హెమికోలెక్టమీ నమూనా. టెర్మినల్ ఇలియం 6 సెంటీమీటర్లు, పెద్దపేగు భాగం 20 సెంటీమీటర్లు. అసెండింగ్ కోలన్‌లో పుండుపడిన గడ్డ, 4.5 x 3.8 x 1.2 సెంటీమీటర్లు, పొడవు పేగు వెంబడి. ప్రాక్సిమల్ మార్జిన్‌కు 12.5, డిస్టల్ మార్జిన్‌కు 9 సెంటీమీటర్ల దూరం. సిరోసాకు నీలి ఇంకు, వెనకవైపు పెరిటోనియం లేని భాగానికి నల్ల ఇంకు వేశారు. బ్లాకులు: A1 ప్రాక్సిమల్ మార్జిన్, A2 డిస్టల్ మార్జిన్, A3 ట్యూమర్‌తో పాటు నల్ల ఇంకు భాగం, A4 నుంచి A8 దాకా ట్యూమర్, వాటిలో A6 సిరోసాతో కలిపి. A9 ఇలియోసీకల్ వాల్వు, A10 అపెండిక్స్. A11 లో 4 నోడ్‌లు, A12 లో 5, A13 లో 4, A14 లో ఒకే నోడ్ రెండు ముక్కలుగా, A15, A16 లలో ఒక పెద్ద నోడ్ మొత్తం.

మైక్రో డిక్టేషన్: మోడరేట్లీ డిఫరెన్షియేటెడ్ అడెనోకార్సినోమా, మస్క్యులారిస్ ప్రోప్రియా దాటి పెరికోలిక్ కొవ్వులోకి చేరింది. A6 లో ట్యూమర్ ఇంకు వేసిన ఉపరితలానికి 2 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. చిన్న నాళాల్లో ట్యూమర్ ఎంబోలై ఉన్నాయి. A1, A2 మార్జిన్లలో ట్యూమర్ లేదు. A11 లో ఒక నోడ్‌లో మెటాస్టాసిస్. A12 లో లేదు. A13 లో మూడు నోడ్‌లలో లేదు; నాలుగోది నోడ్ నిర్మాణం ఏమాత్రం లేని ట్యూమర్ డిపాజిట్. A14 రెండు ముక్కల్లోనూ మెటాస్టాసిస్. A15, A16 రెండింటిలోనూ మెటాస్టాసిస్.

మొదటి చిక్కు ఆ 2 మిల్లీమీటర్లు. ఫారంలో రేడియల్ మార్జిన్ అనే గడి ఉంది, దూరం రాయడానికి పక్కనే చోటుంది. డిక్టేషన్‌లో ఇంకు, దూరం రెండూ ఒకే వాక్యంలో వినిపించాయి. చెయ్యి తిన్నగా అక్కడికే వెళ్తుంది. కానీ ఆ వాక్యం A6 గురించి. A6 లో ఉన్నది సిరోసా, దాని మీద నీలి ఇంకు. సిరోసా మార్జిన్ కాదు. అది పేగు సహజమైన పైపొర, సర్జన్ కత్తి పడిన చోటు కాదు. ఇంకు వేసిందల్లా మార్జినే అనుకోవడం వల్ల వచ్చే పొరపాటు ఇది. గ్రాసింగ్‌లో ఇంకు దిక్కులు గుర్తుపట్టడానికి కూడా వేస్తారు.

అసెండింగ్ కోలన్‌కు ముందువైపు, పక్కల పెరిటోనియం కప్పి ఉంటుంది. వెనకవైపు ఉండదు, అక్కడ సర్జన్ కోసి విడదీస్తారు. కాబట్టి రేడియల్ మార్జిన్ అంటే వెనకవైపు నల్ల ఇంకు, అంటే A3. మైక్రోలో A3 గురించి ఒక్క మాట కూడా లేదు. అందుకని ఆ గడిలో `***` పడాలి, డాక్టరుకు ప్రశ్న వెళ్లాలి. ఆ 2 మిల్లీమీటర్ల వాక్యం ట్యూమర్ ఎంతదాకా చొచ్చుకుపోయిందో చెప్పే గడికి ఆధారం: సిరోసాను తాకలేదు, పెరికోలిక్ కొవ్వులో ఆగింది.

ఈ తేడా ఎంత పెద్దదో చెప్పాలి. ట్యూమర్ సిరోసా ఉపరితలానికి వచ్చేస్తే, ఎంత లోతుకు వెళ్లిందో చెప్పే స్టేజి కోడ్ pT4a అవుతుంది. మార్జిన్ పాజిటివ్ కాదు. అదే ట్యూమర్ వెనకవైపు నల్ల ఇంకును తాకితే, లేదా దానికి 1 మిల్లీమీటరు లోపు ఉంటే, రేడియల్ మార్జిన్ పాజిటివ్. అది ఒక్కటే చూసి pT4a అనలేం. మొదటిది ట్యూమర్ స్వభావం గురించి చెప్పే మాట, రెండోది లోపల ట్యూమర్ మిగిలిందేమోనన్న అనుమానం. ఆంకాలజిస్టు వీటికి వేరువేరుగా స్పందిస్తారు. గడి మారితే రోగికి అందే సలహా మారుతుంది.

రెండో చిక్కు నోడ్‌ల కూడిక. ఇక్కడే నాకు ఎక్కువ భయం, ఎందుకంటే కూడిక సరిగ్గా చేసినా జవాబు తప్పు రావచ్చు. ఏ ముక్క ఏ నోడ్‌దో చూడకుండా, కనబడిన ముక్కలన్నీ కూడితే 4, 5, 4, 2, 1, 1, మొత్తం 17. పాజిటివ్‌లు A11 లో 1, A13 లో 1, A14 లో 2, A15 లో 1, A16 లో 1, మొత్తం 6. 17 లో 6 అంటే pN2a, ఎందుకంటే 4 నుంచి 6 పాజిటివ్ నోడ్‌లకు ఆ కోడ్.

ఇప్పుడు బ్లాకు జాబితాను, మైక్రోను జతగా చదువుతూ మళ్లీ చేయండి. A14 లో రెండు ముక్కలు ఒకే నోడ్‌వి, కాబట్టి 1. A15, A16 కలిసి ఒక్క పెద్ద నోడ్, కాబట్టి రెండూ కలిపి 1. A13 లో గ్రాస్ సమయంలో నాలుగు నోడ్‌లనుకున్నారు, స్లైడులో చూస్తే ఒకటి నోడ్ కాదు, ట్యూమర్ డిపాజిట్. దానికి ఫారంలో వేరే గడి ఉంది, నోడ్ లెక్కలో అది రాదు. కాబట్టి పరీక్షించినవి 4, 5, 3, 1, 1, మొత్తం 14. పాజిటివ్‌లు A11 లో 1, A14 లో 1, A15–A16 లో 1, మొత్తం 3. ట్యూమర్ డిపాజిట్లు 1. రెండు లేదా మూడు పాజిటివ్ నోడ్‌లంటే pN1b. డిపాజిట్ ఉందని pN1c అనకూడదు. ఒక్క నోడ్ కూడా పాజిటివ్ కాకుండా డిపాజిట్లు మాత్రమే ఉన్నప్పుడే ఆ కోడ్ వస్తుంది.

pN2a, pN1b మధ్య దూరం కాగితం మీద చిన్నదే. కానీ మూడు నెలల కీమోను ఆరు నెలల కీమోతో పోల్చిన ఐడియా అధ్యయనాల ఫలితాలు 2018 లో వచ్చిన తర్వాత, మూడో స్టేజి కోలన్ క్యాన్సర్‌లో T1 నుంచి T3, N1 ఉన్నవారిని తక్కువ రిస్కు అని, T4 గానీ N2 గానీ ఉన్నవారిని ఎక్కువ రిస్కు అని విడదీసి, కీమో మూడు నెలలా ఆరు నెలలా అని ఆలోచిస్తున్నారు. ఆక్సాలిప్లాటిన్ మరో మూడు నెలలు ఎక్కితే చేతులు, కాళ్లలో నరాల మొద్దుబారడం పెరుగుతుంది, కొందరిలో అది తగ్గకుండా ఉండిపోతుంది. ఒకే నోడ్‌ను రెండుసార్లు లెక్కపెట్టడం అంతదూరం వెళ్తుంది.

అందుకని నోడ్‌లు మీరు కూడండి, తప్పేం లేదు. కానీ కూడిక ఎలా వచ్చిందో బ్లాకుల వారీగా డ్రాఫ్టులో ఒక వరుస రాసి పెట్టండి: A11 1/4, A12 0/5, A13 0/3 తోపాటు డిపాజిట్ 1, A14 1/1, A15–16 1/1. ఆ వరుస నాకు కనిపిస్తే సరిచూడటం నిమిషం పని. వట్టి 3/14 మాత్రమే కనిపిస్తే మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాలి, లేదా నమ్మేయాలి. ఇంకో సంగతి. నోడ్‌లు 12 కంటే తక్కువ దొరికితే చాలాసార్లు డాక్టరు కొవ్వులో మళ్లీ వెతికి కొత్త బ్లాకులు పెడతారు. ఆ రెండో గ్రాస్ డిక్టేషన్ మరుసటి రోజు, వేరే ఫైలుగా వస్తుంది. కేసు నంబరుతో అన్ని ఫైళ్లూ వెతికాకే కూడిక మొదలుపెట్టాలి. మైక్రోలో ఉన్న బ్లాకు నంబరు మీ జాబితాలో లేకపోతే, మీకు ఒక డిక్టేషన్ ఇంకా అందలేదన్నమాట.

స్టేజి కోడ్‌లు మాత్రం మీరు వేయకండి. మీరు లెక్కకట్టి పక్కన పెట్టుకోండి, డాక్టరు వేసిన కోడ్‌తో పోల్చండి. తేడా వస్తే అడగండి, ఎందుకంటే ఆ తేడా ఎక్కడో ఒక గడి తప్పని చెబుతోంది. pM గురించి ఒక మాట. పేగు నమూనా ఒక్కటే వచ్చినప్పుడు దూరంగా మెటాస్టాసిస్ లేదని పాథాలజిస్టు చెప్పలేరు. స్కాన్‌లో ఏముందో మనకు తెలియదు. మెటాస్టాసిస్ ఉన్న కణజాలం మా ముందుకు వస్తేనే pM1 అంటాం. లేకపోతే ఆ గడికి ‘నాట్ అప్లికబుల్’ సరైన జవాబు. pM0 అని టైపు చేయడానికి ఆధారమే ఉండదు.

మూడోది, చెప్పని విషయాలు. ఈ కేసులో ట్యూమర్ చిల్లుపడిందా అన్నది గ్రాస్‌లో లేదు. పెరీన్యూరల్ ఇన్వేజన్ మైక్రోలో లేదు. సర్జరీకి ముందు కీమో గానీ రేడియేషన్ గానీ ఇచ్చారా అన్నది రెండింటిలోనూ ఉండదు, దానికి రిక్విజిషన్ ఫారం చూడాలి. అక్కడ ఏదీ ఇవ్వలేదని రాసి ఉంటే ఆ గడి మీరే నింపవచ్చు, ఆధారం రిక్విజిషన్ అని గుర్తు పెట్టి. అక్కడ కూడా ఖాళీగా ఉంటే అది కూడా ప్రశ్నే. నాళాల గడిలో చిన్న నాళాలు, పెద్ద సిరలు విడివిడిగా ఉంటాయి. ఇక్కడ డాక్టరు చిన్న నాళాలని స్పష్టంగా చెప్పారు కాబట్టి ఆ మేరకు నింపండి. ‘వాస్క్యులర్ ఇన్వేజన్ సీన్’ అని మాత్రమే వినబడితే ఏ నాళాలో తేలదు, ఊహించి విడదీయకండి.

ఇక ఈ మూడు జవాబులను ఒకదానితో ఒకటి కలిపేయకండి. ‘నాట్ ఐడెంటిఫైడ్’ అంటే వెతికితే లేదు. ‘కెనాట్ బి డిటర్మిన్డ్’ అంటే వెతికినా తేల్చలేని స్థితి, ఉదాహరణకు నమూనా చిరిగిపోయి మార్జిన్ ఎక్కడో తెలియకపోవడం. దానికి కారణం కూడా రాయాలి, ఆ కారణం డాక్టరే చెప్పాలి. ‘నాట్ అప్లికబుల్’ అంటే ఆ ప్రశ్న ఈ నమూనాకు వర్తించదు. కోలన్ నమూనాలో మీసోరెక్టం గడి అలాంటిది. మొదటి రెండూ డాక్టరు నోటినుంచి రావాల్సినవి, మూడోది చాలావరకు నమూనా పేరు చూసి మీరే గుర్తించగలరు.

ఇలా చేస్తే మీ డ్రాఫ్టులో ముఖ్యమైన గడులు ఈ రూపంలో ఉంటాయి. మీ ఫారంలో పదాలు కొంచెం వేరుగా ఉండవచ్చు.

```
Tumor Site: Ascending colon
Tumor Size: 4.5 cm
Macroscopic Tumor Perforation: ***
Tumor Extent: Into pericolonic tissue
Perineural Invasion: ***
Radial Margin: ***
Lymph Nodes Examined: 14
Lymph Nodes with Tumor: 3
Tumor Deposits: 1
pT / pN: ***
```

ప్రతి గడీ విడి వరుసలో, గడి పేరు, పక్కనే జవాబు. అంతే. కాలేజ్ ఆఫ్ అమెరికన్ పాథాలజిస్ట్స్ ప్రోటోకాల్స్ కోరే రూపం కూడా ఇదే. డాక్టరు వివరణ చెప్పి ఉంటే అది కింద వ్యాఖ్యలోకి పోవాలి, గడిలోకి కాదు. గడిలో పేరా పెడితే తర్వాత వెతకడానికి గానీ లెక్క తీయడానికి గానీ పనికిరాదు.

ప్రశ్న పంపే పద్ధతి కూడా చెబుతాను, ఇది చాలామంది పట్టించుకోరు. ‘రేడియల్ మార్జిన్ 2 ఎంఎం అని పెట్టనా సార్?’ అని అడిగితే పనిలో ఉన్న డాక్టరు ‘సరే’ అంటారు. జవాబు ప్రశ్నలోనే ఉంది కదా. ‘A3 లో ట్యూమర్ నుంచి నల్ల ఇంకుకు దూరం ఎంత? డిక్టేషన్‌లో A3 ప్రస్తావన లేదు. 2 ఎంఎం అన్నది A6 సిరోసాకు చెప్పారు’ అని రాయండి. ఇప్పుడు ఆయన A3 స్లైడు తీయక తప్పదు. ఒక కేసు ప్రశ్నలన్నీ ఒకే నోటులో, బ్లాకు నంబర్లతో పంపండి. ఒక్కొక్కటిగా పంపితే మూడోదానికి విసుగొస్తుంది.

వినికిడి పొరపాట్ల మీద ఒక కన్ను ఉంచండి, ముఖ్యంగా మీ దగ్గర మాటను అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేరు వాడుతుంటే. ‘నాట్ సీన్’, ‘నౌ సీన్’ ఒకేలా వినబడతాయి, అర్థం తలకిందులవుతుంది. వాక్యం మొదట్లో ‘నో’ అన్న చిన్న మాట రికార్డులో తెగిపోవడం కూడా మామూలే. ఉంది, లేదు అని తేల్చే గడులకు మాత్రం రాతను నమ్మకుండా ఆడియో మళ్లీ వినండి. కొలతలకు మరో చిట్కా ఉంది. ఈ కేసులో డిస్టల్ దూరం 9 బదులు 19 అని పడిందనుకోండి. ప్రాక్సిమల్ 12.5, గడ్డ 4.5, డిస్టల్ 19 కూడితే 36. నమూనా మొత్తం పొడవు 26 మాత్రమే. 9 అయితే సరిగ్గా 26 వస్తుంది. నిజం కేసుల్లో ఇంత కచ్చితంగా కుదరదు. పేగు వంకరగా ఉంటుంది, ఫార్మలిన్‌లో ముడుచుకుంటుంది, గడ్డ అడ్డంగా ఉండవచ్చు. ఒకటి రెండు సెంటీమీటర్ల తేడాను పట్టించుకోకండి. పది తేడా వస్తే ఆడియో వినాల్సిందే. సెంటీమీటర్లు, మిల్లీమీటర్ల విషయంలో డాక్టరు ఏ ప్రమాణం చెప్పారో గడి అదే అడుగుతోందా చూసుకోండి. గ్రాస్‌లో అంతా సెంటీమీటర్లు, మైక్రోలో మిల్లీమీటర్లు చెప్పే అలవాటు మాలో ఎక్కువ.

డాక్టరు జవాబులు వచ్చాక పని అయిపోలేదు. A3 లో దూరం 6 మిల్లీమీటర్లని, పెరీన్యూరల్ ఇన్వేజన్ వెతికితే కనబడలేదని, చిల్లు లేదని చెప్పారనుకోండి. గడులు నింపి, పైనున్న డయాగ్నసిస్ వాక్యాన్ని, మైక్రో పేరాను సినాప్టిక్‌తో పక్కపక్కన పెట్టి చదవండి. పేరాలో పాత అంకె ఉండిపోయి, గడిలో కొత్తది ఉంటే చదివే సర్జన్‌కు ఏది నిజమో తెలియదు. నా అభిప్రాయం ఏమిటంటే, సినాప్టిక్ ఉన్న కేసుల్లో గ్రాస్ వివరణ పూర్తిగా ఉంచాలి, ఎందుకంటే బ్లాకు జాబితా అక్కడే ఉంది. మైక్రో పేరాలో మాత్రం గడుల్లో పట్టని విషయాలనే ఉంచమని డాక్టర్లను అడగండి. ఒకే అంకె రెండు చోట్ల ఉంటే ఒకటి మార్చి రెండోది మరిచిపోయే రోజు వస్తుంది.

ఎంఎంఆర్ ప్రోటీన్లకు చేసే ఇమ్యూనో పరీక్ష ఫలితం సైనౌట్ నాటికి రాకపోతే ఆ గడిలో ‘పెండింగ్’ అని పెట్టి రిపోర్టు వెళ్లనివ్వవచ్చు. ఫలితం తర్వాత అడెండంగా, అంటే రిపోర్టుకు జత చేసే అదనపు నోటుగా వస్తుంది. కానీ సైనౌట్ అయ్యాక నోడ్ లెక్కో, మార్జినో మారితే అది అడెండం కాదు, సవరించిన రిపోర్టు. అప్పుడు మారిన ఒక్క గడినే కాకుండా సినాప్టిక్ మొత్తాన్ని మళ్లీ ఇవ్వండి. ఏ గడి, దేనినుంచి దేనికి మారిందో పైన ఒక వాక్యంలో రాయించండి, సర్జన్‌కు ఫోన్ చేసి చెప్పిన సమయం, చెప్పినవారి పేరు కూడా అందులో ఉండేలా చూడండి.